కిట్లు అమ్మాక కెమెరాల స్టాక్ కలవడం లేదు, ఎక్కడ వెతకాలి?

బెజవాడ స్టోర్

అందరికీ నమస్తే. మాది విజయవాడ గవర్నర్‌పేటలో సీసీ కెమెరాల హోల్‌సేల్ షాపు, గోదాము గొల్లపూడిలో ఉంది. నేను స్టోర్ చూసుకుంటాను. ఈఆర్‌పీనెక్స్ట్ వెర్షన్ 15 వాడుతున్నాం.

మా దగ్గర ఎక్కువగా పోయేది నాలుగు కెమెరాల కిట్. కోడ్ `CCTV-4CH-KIT`. అందులో రెండు డోమ్ కెమెరాలు, రెండు బుల్లెట్ కెమెరాలు, ఒక డీవీఆర్, ఒక 1 టీబీ హార్డ్ డిస్క్, ఒక పవర్ సప్లై, 90 మీటర్ల కేబుల్, 8 బీఎన్‌సీ పిన్నులు, 4 డీసీ పిన్నులు ఉంటాయి. సెటప్ చేసినవాళ్లు దీన్ని `Product Bundle`గా పెట్టారు. బిల్లులో ఒకటే లైను, ఒకటే రేటు.

నెలాఖరున షాపు, గోదాము కలిపి లెక్కపెడితే ఇలా వచ్చింది:

| సరుకు | సిస్టంలో | చేతికి వచ్చింది | తేడా |
|---|---|---|---|
| డోమ్ కెమెరా | 24 | 27 | +3 |
| బుల్లెట్ కెమెరా | 37 | 22 | −15 |
| డీవీఆర్ | 20 | 17 | −3 |
| పవర్ సప్లై | 25 | 22 | −3 |
| హార్డ్ డిస్క్ 1 టీబీ | 16 | 17 | +1 |
| హార్డ్ డిస్క్ 2 టీబీ | 9 | 5 | −4 |
| బీఎన్‌సీ పిన్ను | 340 | 316 | −24 |
| డీసీ పిన్ను | 210 | 198 | −12 |
| కేబుల్ (మీటర్లు) | 2,340 | 1,930 | −410 |

కొన్ని ఎక్కువున్నాయి, కొన్ని తక్కువున్నాయి. దొంగతనమైతే ఎక్కువ ఎందుకుంటాయి? ఓనర్ గారు బుల్లెట్ కెమెరాల అంకె చూసి గోదాములో కుర్రాళ్లను అనుమానిస్తున్నారు, అదే నాకు టెన్షన్. కిట్ అమ్మినప్పుడు లోపలి వస్తువుల స్టాక్ అసలు సరిగ్గా తగ్గుతోందా? ఎక్కడినుంచి వెతకాలి?

---

కృష్ణలంక కుర్రాడు

అన్నా, ఇది సెటప్ తప్పు. కిట్ ఐటమ్‌కి `Maintain Stock` టిక్ పెట్టలేదేమో చూడు. కిట్‌కి స్టాకే లేకపోతే ఏది తగ్గుతుంది? టిక్ పెట్టి, `BOM` చేసి, రోజూ పొద్దున్నే పది కిట్లు తయారుచేసినట్టు ఎంట్రీ వేసుకో. అమ్మినప్పుడు కిట్ తగ్గుతుంది, తయారుచేసినప్పుడు కెమెరాలు తగ్గుతాయి. మా కంప్యూటర్ షాపులో అసెంబుల్డ్ సిస్టమ్స్‌కి ఇలాగే చేస్తాం, ఒక్క పీసు తేడా రాదు.

---

మల్లిక, గుంటూరు

కృష్ణలంక తమ్ముడూ, మీ షాపుకి మీ పద్ధతి సరైనదే. ప్రాసెసర్, ర్యామ్ బిగించాక అది నిజంగానే ఒక కొత్త వస్తువు. దాన్ని షెల్ఫులో పెట్టి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టగలరు. వీళ్ల కిట్ అలా కాదు. డోమ్ ఒక అరలో, కేబుల్ చుట్టలు ఇంకో చోట, డీవీఆర్ వేరే చోట ఉంటాయి. గిరాకీ వచ్చినప్పుడే అన్నీ కలిపి ఇస్తారు. పది కిట్లు కట్టినట్టు ఎంట్రీ వేస్తే సిస్టంలో ఆ ఇరవై డోమ్‌లు కిట్లలోకి వెళ్లిపోతాయి. విడిగా డోమ్ అడిగినవాడికి, అరలో కనిపిస్తున్నా, స్టాక్ లేదని చూపిస్తుంది.

`Maintain Stock` సంగతి కూడా. `Product Bundle`లో పై ఐటమ్‌కి ఆ టిక్ ఉండకూడదు. పెడితే బండిల్ సేవ్ కానివ్వదు. కాబట్టి అక్కడ సెటప్ బాగానే ఉంది.

స్టోర్ గారూ, మీ పట్టికను జాగ్రత్తగా చూడండి. అందులోనే సగం జవాబు ఉంది. డీవీఆర్ 3 తక్కువ, పవర్ సప్లై 3 తక్కువ. బీఎన్‌సీ 24 తక్కువ, అంటే మూడు ఎనిమిదులు. డీసీ 12, అంటే మూడు నాలుగులు. ఈ నాలుగింటినీ గిరాకీ సాధారణంగా మార్చమని అడగడు. అవన్నీ ఒకే అంకెకు వస్తున్నాయంటే, మూడు కిట్లు బిల్లయి షాపు దాటాయి గానీ స్టాక్ లెడ్జర్‌లోకి ఎక్కలేదు.

ఆ మూడు కిట్ల భాగం పక్కన పెట్టి మిగతావి చూద్దాం. మూడు కిట్లకు డోమ్‌లు 6, బుల్లెట్లు 6 తగ్గాలి. డోమ్ +3 ఉంది కాబట్టి అసలు తేడా +9. బుల్లెట్ −15లో ఆరు పోతే −9. ఒకవైపు తొమ్మిది ఎక్కువ, ఇంకోవైపు సరిగ్గా తొమ్మిది తక్కువ. హార్డ్ డిస్క్ కూడా అంతే: 1 టీబీకి మూడు కలిపితే +4, 2 టీబీ −4. అంటే గిరాకీలు డోమ్ బదులు బుల్లెట్, 1 టీబీ బదులు 2 టీబీ అడిగారు. కౌంటర్‌లో వస్తువు మార్చి ఇచ్చారు, బిల్లులో మాత్రం మామూలు కిట్టే పడింది. గోదాము కుర్రాళ్ల మీద అనుమానపడాల్సినంత ఆధారం ఇందులో లేదు.

కేబుల్‌లో మూడు కిట్లకు 270 పోతే ఇంకా 140 మీటర్లు మిగులుతోంది. అది నాకూ అర్థం కాలేదు.

---

బెజవాడ స్టోర్

మల్లిక గారూ, మీరు చెప్పాక చూస్తే అంకెలు అన్నీ అతికినట్టు సరిపోతున్నాయి. మార్చి ఇవ్వడం నిజమే. పల్లెటూళ్లలో ఇళ్లకు బయటివైపే ఎక్కువ పెట్టుకుంటారు, వాళ్లకు నాలుగూ బుల్లెట్లే కావాలి. 2 టీబీ అడిగితే కౌంటర్‌లో కిట్ రేటే పెంచి కొట్టేస్తారు.

మరి ఆ మూడు కిట్లు లెడ్జర్‌లోకి ఎందుకు ఎక్కలేదు? బిల్లు సబ్మిట్ అయితే స్టాక్ తగ్గిపోదా?

---

కృష్ణలంక కుర్రాడు

సేల్స్ ఆర్డర్ సబ్మిట్ చేస్తేనే స్టాక్ తగ్గుతుంది అన్నా. ఆర్డర్ లేకుండా డైరెక్ట్ బిల్లు కొట్టి ఉంటారు.

---

మల్లిక, గుంటూరు

డైరెక్ట్ బిల్లు అన్నది నిజమై ఉండొచ్చు. కానీ ఆర్డర్‌తో స్టాక్ తగ్గదు. ఆర్డర్ సబ్మిట్ చేస్తే లోపలి వస్తువులు రిజర్వ్ అయినట్టు చూపిస్తుంది, అంతే. అసలు స్టాక్ కదిలేది రెండు చోట్ల. ఒకటి, డెలివరీ నోట్ సబ్మిట్ చేసినప్పుడు. రెండోది, `Update Stock` టిక్ ఉన్న సేల్స్ ఇన్‌వాయిస్ సబ్మిట్ చేసినప్పుడు. ఆ టిక్ లేని ఇన్‌వాయిస్ డబ్బు లెక్కే రాస్తుంది. సరుకు లెక్క డెలివరీ నోట్ చూసుకుంటుందని వదిలేస్తుంది. డెలివరీ నోట్ ఎవరూ వేయకపోతే సరుకు బయటికి పోయినా సిస్టంకి తెలియదు.

ఒక మంచి కిట్ డెలివరీ నోట్ తీసుకుని కిందికి రండి. ఐటమ్స్ పట్టికలో కిట్ ఒకటే కనిపిస్తుంది, దాని కింద `Packed Items` అని ఇంకో పట్టిక ఉంటుంది. సేవ్ చేసినప్పుడు సిస్టం బండిల్ చూసి, కిట్ సంఖ్యతో గుణించి ఆ వరుసలు నింపుతుంది. సబ్మిట్ చేశాక లెడ్జర్‌లోకి పోయేవి ఆ వరుసలే, కిట్ పేరుతో లెడ్జర్‌లో ఒక్క లైనూ ఉండదు. స్టాక్ లెడ్జర్ రిపోర్టులో వోచర్ నంబరు పెట్టినా కనిపిస్తుంది, డేటాబేస్ చూడగలిగితే ఇలా:

```sql
SELECT item_code, warehouse, actual_qty
FROM `tabStock Ledger Entry`
WHERE voucher_type = 'Delivery Note'
  AND voucher_no = 'MAT-DN-2025-00412'
  AND is_cancelled = 0;
```

నంబరు మీది పెట్టుకోండి. రెండు కిట్ల నోట్ అయితే డోమ్ −4, బుల్లెట్ −4, డీవీఆర్ −2, కేబుల్ −180 అని ఎనిమిది వరుసలు రావాలి. వస్తే బండిల్ బాగానే పనిచేస్తున్నట్టు. ఇక స్టాక్ కదలని బిల్లులు:

```sql
SELECT si.name, si.posting_date, sii.qty
FROM `tabSales Invoice` si
JOIN `tabSales Invoice Item` sii ON sii.parent = si.name
WHERE si.docstatus = 1 AND si.update_stock = 0
  AND sii.item_code = 'CCTV-4CH-KIT'
  AND IFNULL(sii.delivery_note, '') = '';
```

ఇందులో వచ్చినవన్నీ తప్పుడు బిల్లులు కావు. ఆర్డర్ నుంచి బిల్లు విడిగా, డెలివరీ నోట్ విడిగా చేసినవి కూడా ఈ జాబితాలోకి రావచ్చు. ఒక్కొక్కటి తెరిచి, ఆ ఆర్డర్‌కి డెలివరీ నోట్ ఉందో లేదో చూసుకోండి.

---

గుంటూరు పచ్చళ్లు

మాకూ ఇదే ఇబ్బంది! సంక్రాంతికి గిఫ్ట్ బాక్సులు చేస్తాం. ఆవకాయ, గోంగూర, పండుమిర్చి పావుకిలో సీసాలు, ఒక కారప్పొడి ప్యాకెట్, అట్టపెట్టె. ట్యాలీ వాడతాం. బాక్సు అమ్మితే సీసాలు తగ్గవు, బాక్సు మైనస్‌లోకి పోతుంది. దానికి తోడు డేటు దగ్గర పడిన బ్యాచ్ ఏ బాక్సులో పెట్టామో తెలియదు. మల్లిక గారూ, ఈ కోడ్ ట్యాలీలో ఎక్కడ టైప్ చేయాలి?

---

మల్లిక, గుంటూరు

ఇది ఈఆర్‌పీనెక్స్ట్ డేటాబేస్ కోసం అండి, ట్యాలీలో పనికిరాదు. మీ సమస్య కూడా వేరు. స్టోర్ గారి కిట్ అమ్మే నిమిషం దాకా విడివిడిగానే ఉంటుంది. మీ బాక్సు పండగకు ముందే ప్యాక్ చేసి, సీలు వేసి, వరుసగా పేర్చి ఉంటుంది. అంటే మీకు బాక్సుకి స్టాక్ ఉండి తీరాలి. కృష్ణలంక తమ్ముడు చెప్పిన పద్ధతి మీకు సరిగ్గా సరిపోతుంది.

ట్యాలీలో బాక్సు ఐటమ్‌కి బిల్ ఆఫ్ మెటీరియల్స్ పెట్టి, ప్యాక్ చేసిన రోజే మాన్యుఫ్యాక్చరింగ్ జర్నల్ వేయండి. యాభై బాక్సులు కడితే యాభై బాక్సులు పెరిగి, సీసాలు, పెట్టెలు ఆ మేరకు తగ్గుతాయి. మీకు మైనస్ రావడానికి కారణం బహుశా ఈ జర్నల్ వేయకుండా అమ్మకం మాత్రమే రాయడం. బ్యాచ్ కూడా జర్నల్‌లోనే ఎంచుకోండి, అప్పుడు ఏ సీసా ఏ బాక్సుల్లోకి పోయిందో దొరుకుతుంది. పండగయ్యాక మిగిలిన బాక్సులు విప్పితే ఆ విప్పడానికి కూడా ఎంట్రీ వేయాలి. చాలామంది మర్చిపోయేది అదే.

---

లెక్కల మాస్టారు

పచ్చళ్ల వారికి ఇంకో మాట. బాక్సులో వేర్వేరు జీఎస్టీ రేట్లున్న వస్తువులు పెట్టి ఒకే ధరకు అమ్మితే, సీజీఎస్టీ చట్టం సెక్షన్ 8 ప్రకారం మిశ్రమ సరఫరా అయ్యి, అన్నిటిలోకి ఎక్కువ రేటు మొత్తం బాక్సుకి పడుతుంది. పెట్టెలో ఏం పెడుతున్నారో మీ ఆడిటర్‌కి చూపించండి. కెమెరా కిట్‌లో అన్నీ 18 శాతమే కాబట్టి స్టోర్ గారికి ఆ బాధ లేదు.

స్టోర్ గారికి నా అభ్యంతరం వేరు. అందరూ సంఖ్యలే చూస్తున్నారు, లాభం సంగతి ఎవరూ అడగలేదు. మీ కొనుగోలు రేట్లు ఎంత?

---

బెజవాడ స్టోర్

మాస్టారూ, సుమారుగా డోమ్ 780, బుల్లెట్ 930, 1 టీబీ 3,400, 2 టీబీ 5,200. కిట్ మొత్తం ఖర్చు 11 వేల దగ్గర పడుతుంది.

మల్లిక గారి రెండో కోడ్ మా సపోర్ట్ అబ్బాయితో వేయించాను. నాలుగు బిల్లులు వచ్చాయి. ఒకదానికి ఆర్డర్ నుంచి డెలివరీ నోట్ ఉంది. మిగతా మూడూ, ఒక్కోటి ఒక్కో కిట్, కౌంటర్‌లో సాయంత్రం రద్దీలో కొట్టినవి. మూడింటికీ `Update Stock` టిక్ లేదు. తెనాలి, నూజివీడు బస్సు పార్సిల్‌కి అందించాలని హడావుడిగా చేసినవి.

---

లెక్కల మాస్టారు

అయితే చూడండి. ఆ మూడు కిట్లకు అమ్మకం పడింది, ఖర్చు పడలేదు. ఈఆర్‌పీనెక్స్ట్‌లో పర్పెచువల్ ఇన్వెంటరీ ఉంటే సరుకు ఖర్చు రాసేది స్టాక్ ఎంట్రీయే. అంటే దాదాపు 33 వేలు ఈ నెల లాభంలో ఊరికే కనిపిస్తోంది. హార్డ్ డిస్క్ మార్పుల్లో నాలుగింటికి 1,800 చొప్పున 7,200. అక్కడ గిరాకీ దగ్గర ఎక్కువ డబ్బు తీసుకున్నారు గానీ ఖర్చు 1 టీబీదే పడింది. కెమెరాల మార్పు తొమ్మిదికి 150 చొప్పున 1,350. ఓనర్ గారికి బుల్లెట్ల సంఖ్య కంటే ఈ 41 వేలు ముందు చూపించండి.

---

మల్లిక, గుంటూరు

మాస్టారి లెక్క సరైనదే. ఇప్పుడు సరిచేసే వరుస ముఖ్యం. చాలామంది ముందు స్టాక్ రీకన్సిలియేషన్ వేసి, చేతికి వచ్చిన అంకెలు ఎక్కించేస్తారు. ఆ తర్వాత మూడు బిల్లులకు ఇవాళ్టి తేదీతో డెలివరీ నోట్ చేస్తే ఆ మూడు కిట్లు రెండోసారి తగ్గుతాయి.

అందుకని ముందు ఆ మూడు ఇన్‌వాయిస్‌లు తెరిచి, వాటి మీదే `Create` నుంచి డెలివరీ నోట్ చేయండి. `Edit Posting Date and Time` టిక్ పెట్టి సరుకు వెళ్లిన అసలు తేదీ ఇవ్వండి. డెలివరీ నోట్‌తో జీఎస్టీ ఏమీ మారదు. పాత తేదీ కాబట్టి తర్వాతి ఎంట్రీల విలువలు వెనకాల మళ్లీ లెక్కకడుతుంది, కొంచెం ఆగి చూడండి. పాత పీరియడ్ స్టాక్ ఫ్రీజ్ చేసి ఉంటే మాత్రం ముందు దాన్ని తెరిపించుకోవాలి. అది అయ్యాక పట్టికలో డీవీఆర్, పవర్ సప్లై, పిన్నులు సున్నా తేడాకి రావాలి. రాకపోతే అక్కడే ఆగి కారణం వెతకండి, ముందుకు పోవద్దు.

ఇక ముందు ముందు. కౌంటర్ బిల్లులకు `Update Stock` టిక్ ముందే పడేలా చేయించండి. కానీ ఒక జాగ్రత్త ఉంది. డెలివరీ నోట్ నుంచి తెచ్చిన ఇన్‌వాయిస్‌కి ఆ టిక్ పెడితే సిస్టం ఆపేస్తుంది, మంచిదే. డెలివరీ నోట్ ఉండగా దానికి లింకు లేకుండా కొత్తగా ఇన్‌వాయిస్ టైప్ చేస్తే ఆపదు, కిట్ రెండుసార్లు తగ్గుతుంది. గోదాము నుంచి పోయే సరుకుకి డెలివరీ నోట్, కౌంటర్‌లో చేతికిచ్చేదానికి టిక్ ఉన్న ఇన్‌వాయిస్, ఈ రెండు దారులు కలవకుండా చూసుకోండి.

---

ఒడూ తెనాలి

ఒడూలో ఇంత గొడవ లేదండి. బీఓఎమ్ టైపు కిట్ అని పెడితే డెలివరీ ఆర్డర్‌లో కెమెరా, డీవీఆర్ అన్నీ విడి లైన్లుగా వస్తాయి. గోదాములో అబ్బాయి ఆ లైన్లు చూసే తీస్తాడు. కిట్ ఎన్ని ఉన్నాయో కూడా లోపలి వస్తువులను బట్టి అదే లెక్క చెబుతుంది. మారిపోవడం మేలు.

---

మల్లిక, గుంటూరు

లైన్లు విడిగా కనిపించడం నిజంగా మంచి సౌకర్యం, ఒప్పుకుంటాను. కానీ డోమ్ లైను చూసి బుల్లెట్ ఇచ్చి, లైను మార్చకుండా వాలిడేట్ కొట్టేస్తే అక్కడా ఇదే తేడా వస్తుంది. ఎన్ని కిట్లు అమ్మగలమో ఈఆర్‌పీనెక్స్ట్‌లోనూ `Product Bundle Balance` రిపోర్టు చెబుతుంది.

అయితే ఆ రిపోర్టు సిస్టం అంకెలనే నమ్ముతుంది. స్టోర్ గారి పట్టికతోనే చూడండి. సిస్టం ప్రకారం ఆపేది డోమ్: 24 ఉన్నాయి, 12 కిట్లు వస్తాయి. నిజానికి ఆపేది బుల్లెట్: 22 ఉన్నాయి, 11 కిట్లే. తేడా ఒక్క కిట్టే కదా అనిపిస్తుంది. కానీ స్టోర్ గారు రిపోర్టు చూసి డోమ్‌లు తెప్పిస్తారు, అయిపోయేది బుల్లెట్లు.

---

బెజవాడ స్టోర్

సరిగ్గా అదే జరిగింది, పోయిన వారమే డోమ్‌లు ఆర్డర్ పెట్టాం.

మూడు డెలివరీ నోట్లు వేశాను. డీవీఆర్, పవర్ సప్లై, బీఎన్‌సీ, డీసీ నాలుగూ కలిశాయి. డోమ్ +9, బుల్లెట్ −9, డిస్కులు +4, −4. కేబుల్ −140. మల్లిక గారు చెప్పినట్టే వచ్చింది.

డెలివరీ కాపీల మీద పెన్నుతో రాసినవి వెతికాను. "4 బుల్లెట్" అని రాసినవి, ఒక డోమ్ మార్చినవి కలిపి తొమ్మిదిలో ఏడు కెమెరాలకు ఆధారం దొరికింది. రెండింటికి దొరకలేదు. డిస్కులు నాలుగూ దొరికాయి, కిట్ రేటు పెంచిన బిల్లులు కాబట్టి.

ఇకమీదట ఎవరైనా మార్చమంటే బిల్లులో ఎలా చూపించాలి? `Packed Items`లో డోమ్ తీసి బుల్లెట్ పెడదామంటే మా వెర్షన్‌లో ఆ గడి మార్చనివ్వడం లేదు.

---

మల్లిక, గుంటూరు

ఆ పట్టికలో వేర్‌హౌస్ మార్చుకోవచ్చు. కేబుల్ గొల్లపూడి నుంచి, మిగతావి షాపు నుంచి పోతే అది పనికొస్తుంది. ఐటమ్ మాత్రం బండిల్‌లో ఏముంటే అదే.

నా సలహా, తరచుగా మారే వస్తువును బండిల్‌లోంచి బయటికి తీయండి. మీ దగ్గర అది హార్డ్ డిస్క్. డిస్క్ లేని కిట్ ఒకటి పెట్టి, డిస్క్‌ని విడి లైనుగా బిల్లులో వేస్తే 1 టీబీ, 2 టీబీ, 4 టీబీ ఏది ఇచ్చినా సరిగ్గా అదే తగ్గుతుంది. రేటు చేత్తో పెంచే పని కూడా పోతుంది. కెమెరాలకు మూడు బండిల్స్ చాలు: రెండూ రెండూ, నాలుగు బుల్లెట్లు, నాలుగు డోమ్‌లు. వీటిలోకి రానిదాన్ని కిట్‌గా కొట్టకుండా విడి లైన్లుగా బిల్లు చేయండి.

పాత బండిల్‌ని తెరిచి లోపల మార్చేయకండి. సబ్మిట్ అయిన డాక్యుమెంట్లలో పాత జాబితానే ఉంటుంది, కొత్తగా చేసేవాటికి కొత్త జాబితా వస్తుంది. ఆర్డర్ పాత కూర్పుతో, డెలివరీ కొత్త కూర్పుతో పోయి మళ్లీ ఇదే వెతుకులాట. కొత్త కోడ్‌తో కొత్త బండిల్ చేయండి.

---

కృష్ణలంక కుర్రాడు

మల్లిక గారూ, కౌంటర్ కుర్రాడు మూడు కిట్లలో తప్పు కిట్ ఎంచుకుంటే? కోడ్‌లన్నీ ఒకేలా ఉంటాయిగా. మా దగ్గర ప్రతి ర్యామ్‌కీ సీరియల్ స్కాన్ చేస్తాం, తప్పు ఐటమ్ అయితే అక్కడే ఎర్రర్ కొడుతుంది.

---

మల్లిక, గుంటూరు

మంచి మాట చెప్పావు తమ్ముడూ, ఇది నేనే ముందు చెప్పాల్సింది. కెమెరాలు, డీవీఆర్, డిస్కులకు `Has Serial No` పెడితే `Packed Items` వరుసలోనే సీరియల్ అడుగుతుంది. డోమ్ వరుసలో బుల్లెట్ సీరియల్ స్కాన్ చేస్తే అది ఈ ఐటమ్‌ది కాదని సబ్మిట్ ఆపేస్తుంది. ఈ తొమ్మిది మార్పులూ నెలాఖరు దాకా ఆగకుండా ఏ రోజుకారోజు కౌంటర్‌లోనే దొరికేవి. వారంటీకి వచ్చిన కెమెరా మీరు అమ్మిందేనా అన్నదీ తెలుస్తుంది.

ఇబ్బంది ఏమిటంటే, ఇప్పటికే స్టాక్ ఎంట్రీలు పడిన ఐటమ్‌కి ఆ టిక్ తర్వాత మార్చనివ్వదు. కొత్త ఐటమ్ కోడ్ తెరిచి, ఉన్న పీసులన్నీ స్కాన్ చేసుకుంటూ `Repack` ఎంట్రీతో పాత కోడ్ నుంచి కొత్త కోడ్‌కి తేవాలి. బండిల్స్‌లోనూ కొత్త కోడ్‌లే పెట్టాలి. 27 డోమ్‌లు, 22 బుల్లెట్లు అంటే ఒక మధ్యాహ్నం పని. పిన్నులకు, కేబుల్‌కి సీరియల్ వద్దు.

---

లెక్కల మాస్టారు

మిగిలిన తొమ్మిది కెమెరాల సర్దుబాటుకి రీకన్సిలియేషన్ వేయొద్దు స్టోర్ గారూ. అది అంకె మారుస్తుంది గానీ, ఎందుకు మారిందో విడిగా కనిపించదు. స్టాక్ ఎంట్రీలో బుల్లెట్లు ఇష్యూ, డోమ్‌లు రిసీట్ వేసి, ఆధారం దొరికిన ఏడింటికి బిల్లు నంబర్లు రిమార్క్‌లో రాయండి. డోమ్ రిసీట్ రేటు సిస్టంలో ఉన్న 780 దగ్గరే ఉండాలి. సున్నా పడితే డోమ్ సగటు ధర పడిపోతుంది.

---

మల్లిక, గుంటూరు

ఏడింటికి మాస్టారు చెప్పినట్టే చేయండి. ఆధారం లేని రెండింటిని మార్పు అని రాయడం నాకు ఇష్టం లేదు. వాటిని రీకన్సిలియేషన్‌లోనే పెట్టి, కారణం తెలియదని రాయాలంటాను.

---

లెక్కల మాస్టారు

ఒకవైపు రెండు ఎక్కువ, ఇంకోవైపు రెండు తక్కువ ఉన్నాక అది మార్పు కాక మరేమిటి? నేనైతే తొమ్మిదీ ఒకే ఎంట్రీలో వేస్తాను.

---

బెజవాడ స్టోర్

ఇద్దరికీ చాలా థాంక్స్. ఆ రెండింటి సంగతి మా ఆడిటర్ గారిని అడుగుతాను. ఈ పట్టిక, లెక్క ఓనర్ గారికి ప్రింట్ తీసి ఇచ్చాను. గోదాము కుర్రాళ్ల మాట ఎత్తడం మానేశారు, అదే నాకు పెద్ద ఊరట.

ఇంకొక్కటి. కిట్‌లో ఒక్క కెమెరా పాడై వెనక్కి వస్తే? రిటర్న్ వేస్తే కిట్ మొత్తం వస్తోంది.

---

మల్లిక, గుంటూరు

కిట్ లైను మీద రిటర్న్ వేస్తే లోపలివన్నీ వెనక్కి వస్తాయి, అది మొత్తం కిట్ తిరిగొచ్చినప్పుడు మాత్రమే వాడండి. ఒక్క కెమెరాకి రిటర్న్ జోలికి పోవద్దు. పాడైన సరుకు కోసం ఒక వేర్‌హౌస్ తెరిచి, ఆ కెమెరాని అక్కడికి రిసీట్ చేయండి, బదులిచ్చిన కొత్తదాన్ని షాపు నుంచి ఇష్యూ చేయండి. రెండింటిలోనూ పాత బిల్లు నంబరు రాయండి.

---

మంగళగిరి కేబుల్

నేను కెమెరాలు బిగించే పని చేస్తాను, సాఫ్ట్‌వేర్ తెలియదు. కేబుల్ 140 మీటర్లు అంటున్నారు కదా, నాకు తెలిసినంతలో చెబుతాను. నాలుగు కెమెరాల ఇంటికి 90 మీటర్ల చుట్ట చాలాసార్లు సరిపోదు. రెండంతస్తుల ఇల్లయితే ఇంకో పాతిక ముప్పై మీటర్లు పడుతుంది. షాపుకి ఫోన్ చేస్తే తెగిన చుట్టలోంచి కోసి పంపిస్తారు. కొన్నిచోట్ల దానికి బిల్లు ఉండదు, తర్వాత చూద్దాం అంటారు. మీ దగ్గర కూడా అలా పోతోందేమో అడిగి చూడండి.

---

బెజవాడ స్టోర్

అన్నా, కోసి ఇవ్వడం మా దగ్గరా ఉంది. కానీ దానికి పుస్తకం ఉంది, అందులో ఈ నెల 85 మీటర్లే రాసి ఉంది, అదీ సిస్టంలో ఎక్కలేదు. ఎక్కించినా ఇంకా 55 మీటర్లు తేలాలి. సగం వాడిన చుట్టలు కొలవకుండా కంటితో చూసి రాశాం, రేపు టేపు పెట్టి కొలిపిస్తాను. ఎవరైనా కోసిన కేబుల్‌కి వేరే ఐటమ్ కోడ్ పెట్టి నడుపుతుంటే ఎలా చేస్తున్నారో చెప్పండి. చుట్ట ఒక కోడ్, మీటరు ఒక కోడ్ పెడితే కిట్‌లో ఏది పెట్టాలో తేలడం లేదు.